గౌస్‌బీ చేతులు, రంజాన్ గొంతు

గుమ్మఘట్ట పక్కల బోరు మోటారు కాలిపోతే రైతు ముందు కరెంటును తిడతాడు. రిపేరు చేయించి దించిన మోటారు రెండు నెలలు తిరక్కుండా మళ్లీ కాలితే అప్పుడు చుట్టినవాణ్ని తిడతాడు. ఈ రెండో తిట్టు గౌస్‌బీ చుట్టిన మోటారుకు ఎప్పుడో గానీ పడలేదు. ఆ తిట్టు పడకపోవడానికి ఏం చేయాలో ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి మాత్రం ఊళ్లో చాలామందికి తెలియదు.

ఆ పని ఆమెకు వాళ్ల నాయన నేర్పాడు. రాయదుర్గంలో ఆయనకు మోటారు వైండింగ్ అంగడి ఉండేది. కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని తీగ అందించమనేవాడు. తీగ అందిస్తూ అందిస్తూ ఆ పిల్ల చుట్టడం నేర్చుకుంది. అదే అంగట్లో పని నేర్చుకోవడానికి వచ్చిన రంజాన్‌కే ఆమెను ఇచ్చి చేశాడు. ఆయన పోయిన కొన్నాళ్లకు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ వరస అంగళ్లన్నీ కూలగొట్టారు. మళ్లీ అంగడి తీసుకునే శక్తి లేక మొగుడూ పెళ్లాలు సామాను గుమ్మఘట్టకు తెచ్చుకుని ఇంటి వరండాలోనే పని మొదలుపెట్టారు.

రంజాన్ పొలాలకు పోయి మోటారు పైకి తీయించేవాడు, బండి మీద తెచ్చేవాడు, విప్పేవాడు, రైతుతో మాట్లాడేవాడు. లోపల చుట్టేది గౌస్‌బీ. మొదట్లో అతనూ చుట్టేవాడు గానీ చూపు మందగించాక సన్న తీగ జోలికి పోలేదు. అయినా మోటారు తీసుకుపోయేవాళ్లంతా "రంజాన్ చుట్టినాడంటే తిరుగులేదప్పా" అనేవాళ్లు. అతను కాదనలేదు. ఆమె కూడా ఎప్పుడూ సరిదిద్దలేదు. ఇంట్లో పని ఇంట్లోదే కదా అనుకుంది.

చుట్టుపక్కల ఊళ్లలో వైండింగ్ చేసేవాళ్లకు ఏదైనా మోటారు అర్థం కాకపోతే రంజాన్‌కు ఫోన్ చేసేవాళ్లు. అతను స్పీకరు పెట్టి ఆమె వైపు తిప్పేవాడు. ఆమె చేతిలో పని ఆపకుండానే జవాబు చెప్పేది. అవతలివాళ్లు తెలుగులో అడిగితే తెలుగులో, కన్నడంలో అడిగితే కన్నడంలో.

అలా చెబుతుండగా ఒక ఆదివారం కూతురు రేష్మా విన్నది. రేష్మా అనంతపురంలో ఒక కంపెనీలో పనిచేస్తుంది, సెలవు దొరికితే ఇంటికి వస్తుంది.

"అమ్మా, పొద్దున్నుంచి ముగ్గురికి ఇదే మాట చెప్పినావు. ఎన్నిసార్లు చెప్తావు? ఒకతూరి రికార్డు చేసి పెడితే, కావాల్సినోళ్లు కొనుక్కొని చూసుకుంటారు."

"దీన్ని కొనేదెవురే? చుట్టేది అందరికీ వచ్చు."

"చుట్టేది వచ్చు. మల్ల నీకెందుకు ఫోన్ చేస్తాండారు?"

గౌస్‌బీ ఆలోచించింది. ఫోన్ చేసేవాళ్లెవరూ తీగ ఎలా చుట్టాలని అడగరు. చుట్టి ఇచ్చిన మోటారు మళ్లీ ఎందుకు తిరిగొచ్చిందని అడుగుతారు. తిరిగొస్తే మళ్లీ ఊరికే చుట్టివ్వాలి, పైగా మాట పోతుంది. వాళ్ల బాధంతా అక్కడే ఉంది. రేష్మా ఆ ఒక్క విషయమే పట్టుకుంది. వైండింగ్ మొత్తం నేర్పొద్దని, తిరిగొచ్చే మోటారు గురించి మాత్రమే చెప్పమని పట్టుబట్టింది.

మొదట కాగితం మీద రాసి, పీడీఎఫ్ చేసి అమ్మారు. కొన్నవాళ్లు దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేశారు. వారం తిరక్కుండానే, ఎన్నడూ కొనని ఒకతను ఫోన్ చేసి "మీ పుస్తకంలో నాలుగో పేజీ సరిగా కనిపిస్తలేదు, ఇంకోటి పంపండి" అని అడిగాడు. తల్లీకూతుళ్లు నవ్వుకున్నారు గానీ, ఆ దారి పనికిరాదని తెలిసింది.

అప్పుడు వచ్చాడు తిప్పేస్వామి. రాయదుర్గంలో అతనికి నెట్ సెంటరు, దాని వెనక గదిలో పెళ్లిళ్ల వీడియోలు కలిపే చిన్న స్టూడియో ఉన్నాయి. వాళ్ల తండ్రి మోటార్లన్నీ గౌస్‌బీ చేతి మీదే బతికాయి. అందుకే ఆమెను చిన్నప్పటి నుంచీ అక్కా అనే పిలుస్తాడు.

"అక్కా, ఇట్లాంటి పాఠాలకు యాప్‌లు ఉంటాయి. కొన్నోడి ఫోన్ నెంబరు వీడియో మీద తిరుగుతా ఉంటాది. స్క్రీన్ రికార్డు చేస్తే నల్లగా పడతాది. మొత్తంగా ఆపలేము గానీ, పీడీఎఫ్ మాదిరి ఊరంతా తిరగదు."

యాప్ తెరవాలంటే పాన్ కార్డు, దానికి కుదిరే బ్యాంకు ఖాతా కావాలి. గౌస్‌బీకి పాన్ లేదు. రేష్మా తన పేరు మీద తీసుకుందామంటే కంపెనీలో వేరే వ్యాపారం చేయకూడదని రాయించుకున్నారు. "నా పేరు మీద తెరుస్తాలే అక్కా. నాది నీది ఏముండాది?" అన్నాడు తిప్పేస్వామి. ఖాతా అతనిది, ఫోన్ నెంబరు అతనిది, పాస్‌వర్డ్ అతనిది. రేష్మాకు లోపలికి వచ్చి పాఠాలు పెట్టుకునే అనుమతి ఇచ్చాడు. వచ్చిందాంట్లో చెరి సగం అని మాటగా అనుకున్నారు. రాసుకుందామని ఎవరికీ తోచలేదు.

ముఖం చూపించనని గౌస్‌బీ ముందే చెప్పింది. సిగ్గుతో కాదు, ముఖంతో పనేముందని. మోటారు చూడాలి, చేతులు చూడాలి. ఫోన్‌ను పైనుంచి కిందికి చూసేలా ఇనప కడ్డీకి కట్టారు. వరండాలో లారీల హారన్లు, పక్కింటి మిక్సీ, కరెంటు పోవడం, రావడం. ఒక్కో పాఠం పది నిమిషాల లోపే ఉండాలని, ఒక పాఠంలో ఒకే ప్రశ్నకు జవాబు ఉండాలని రేష్మా చెప్పింది. అలా చిన్న చిన్న ముక్కలుగా తీశారు.

మొదటి పాఠం కాలిన మోటారు విప్పి చూడటం. దాన్ని కొనకుండానే చూడనిచ్చారు. తిప్పేస్వామి భాషలో అది రుచి చూపించడం. అందులో గౌస్‌బీ చేతులు మోటారు లోపల తీగ చుట్టి ఉండే స్టేటరు మీద ఉంటాయి, గొంతు ఇలా చెబుతుంది:

"చూడండి, మూడు ఫేజుల్లో రెండిటి చుట్లు కాలిపోయినాయి. మూడోది కొత్తదాని మాదిరి ఉండాది. అంటే ఒక ఫేజు కరెంటు రాలేదు, మిగిలిన రెండూ భారమంతా మోసి కాలినాయి. ఇది చుట్టినోడి తప్పు గాదు. మీరు ఎంత బాగా చుట్టి ఇచ్చినా, స్టార్టరు, ఫ్యూజు, కేబుల్ అతుకు చూడకుండా దించితే మళ్లీ వస్తాది. మూడూ సమానంగా కాలినాయనుకో, అప్పుడు వేరే కథ. ఓల్టేజీ తక్కువో, పంపు పట్టేసిందో, బోర్లో నీళ్లు లేకుండా తిరిగిందో అడగాల."

అడగడం ఎలాగో చెప్పడమే ఆమె పాఠాల్లో అసలు సొమ్ము. రైతు ముందు అబద్ధం చెబుతాడు. బోరులో నీళ్లు అయిపోయాయని ఒప్పుకోవడం అతనికి చేను ఎండిందని ఒప్పుకోవడమే. అందుకని నీళ్లున్నాయా అని అడగొద్దు, పైపులో ముందు గాలి వచ్చేదా, నీళ్లు విడిచి విడిచి పడేవా అని అడగండి అని చెప్పింది. చుట్టడం అయ్యాక స్టేటరును ఒక పగలూ రాత్రీ నీళ్లలో ముంచి, తర్వాతే మెగ్గరు మీటరు పెట్టి తీగ ఎక్కడైనా లీకవుతుందేమో చూడమని చెప్పింది. పొడిగా ఉన్నప్పుడు బాగున్న తీగ బోరులోకి పోయాక మోసం చేస్తుంది. దించే ముందు మోటారు లోపల మంచినీళ్లు నింపడం మరిచిపోవద్దని రెండు పాఠాల్లో రెండుసార్లు చెప్పింది. పాఠాలతో పాటు ఒక జాబ్ కార్డు కూడా ఇచ్చారు. మోటారు వచ్చినప్పుడు ఏం కనిపించింది, ఏం అడిగాం, ఏం మార్చాం, పోయేటప్పుడు మీటరు ఏం చూపించింది, అన్నిటికీ గళ్లు ఉన్న ఒక పేజీ. ప్రింటు తీసుకుని వాడుకోవడమే. సందేహాలకని దాని అడుగున రేష్మా తన నెంబరు వేసింది.

ఒక పాఠంలో, తీగను గాడిలోకి లాగుతూ లాగుతూ గౌస్‌బీ చెయ్యి ఆగిపోయింది. వాళ్ల నాయన గుర్తొచ్చాడు. "మా నాయన ఈడికొచ్చేతలికి తీగను చెవి కాడ పెట్టుకునేటోడు. ఏంటికి నాయనా అంటే, అది ఏమో చెప్తాందిమ్మా అనేటోడు. నన్ను నవ్వించడానికి" అని చెప్పి నవ్వింది. రేష్మా ఆ ముక్క తీసేద్దామా అంది. ఉండనీలే అంది తల్లి.

పాఠాలు అమ్ముడుపోయాయి. కళ్యాణదుర్గం, ఉరవకొండ, సరిహద్దు దాటి మొలకాల్మూరు, చళ్లకెర నుంచి కూడా కొన్నారు. కొందరు జాబ్ కార్డు ఫోటో తీసి పంపి, "మీరు చెప్పిన ప్రశ్న అడిగినా అక్కా, రైతు నిజం చెప్పేసినాడు" అని రాసేవాళ్లు. రేష్మా చదివి వినిపిస్తే గౌస్‌బీ పని చేసుకుంటూనే వినేది. మరుసటి వారం ఆమె ఇంకా మంచి స్టేటరు ఎంచుకుని, ఇంకా నిదానంగా పాఠం చెప్పేది.

రంజాన్ మొదట్లో సంతోషించాడు. కడ్డీ కట్టిందీ, వెలుతురు సరిచూసిందీ అతనే. తర్వాత ఏదో మారింది. బస్టాండు దగ్గర టీ అంగట్లో ఎవరో "ఏమప్పా రంజాన్, పాఠాలు మీ ఇంటామె చెప్తాదంట. మల్ల ఇన్నాళ్లు మా మోటార్లు ఎవురు చుట్టినారు?" అని నవ్వారట. ఆ మాట గౌస్‌బీకి వేరేవాళ్ల ద్వారా తెలిసింది. ఆ రోజు నుంచి రంజాన్ స్పీకరు పెట్టి ఫోన్ ఆమె వైపు తిప్పడం మానేశాడు. ఫోన్ తీసుకుని బయటికి పోయి మాట్లాడేవాడు.

వేసవి మొదట్లో తిప్పేస్వామి ఇంటికొచ్చి, యాప్ కంపెనీ వాళ్లు ఏవో మార్పులు చేస్తున్నారని, కొన్నాళ్లు కొత్త పాఠాలు పెట్టడం ఆపుతున్నామని చెప్పాడు. రేష్మాకు ఇచ్చిన అనుమతి పనిచేయడం మానేసింది. అడిగితే "అప్‌డేట్ అయినాక మళ్లీ ఇస్తా పాపా" అన్నాడు. అమ్మకాలు కూడా తగ్గాయన్నాడు. గౌస్‌బీ నమ్మింది. తిప్పేస్వామిని నమ్మకపోవడానికి ఆమెకు కారణం లేదు. ఆ రోజుల్లో రంజాన్ తరచుగా రాయదుర్గం పోయేవాడు. తీగ కొనాలని, బేరింగులు కావాలని చెప్పేవాడు. ఒక్కోసారి వట్టి చేతుల్తో వచ్చేవాడు.

సంగతి బయటపడింది మొలకాల్మూరు తిప్పయ్య వల్ల. అతను అక్కడ చిన్న వైండింగ్ అంగడి నడుపుతాడు, పాఠాలు కొన్నది ఈ మధ్యనే. అంతకుముందు ఎన్నడూ ఫోన్ చేసినవాడు కాదు. జాబ్ కార్డు అడుగున ఉన్న నెంబరుకు చేశాడు. ఆ రోజు రేష్మా ఇంట్లోనే ఉంది.

"ఉస్తాద్ రంజాన్ గారు ఉండారా?"

"మా నాయన బయటికి పోయినాడు. ఏం కావాలన్నా?"

"ఒక సందేహమమ్మా. తీగ లాగే పాఠంలో ఉస్తాద్ గారు 'ఈడ కొంచేపు చెయ్యి ఆపాల' అంటాడు గదా. ఏంటికి ఆపాల? నేను ఆపుతాండా. మా అంగట్లో పిల్లోళ్లు కూడా ఆపుతాండారు. కారణం తెల్లేదు."

రేష్మాకు ఏమీ అర్థం కాలేదు. పాఠాలు చెప్పేది మా అమ్మ కదా అంది. అతను తికమకపడ్డాడు. "అమ్మ ఎవురు? గొంతు మొగాయనది. పేరు కూడా ఉస్తాద్ రంజాన్ అనే ఉండాది." ఒకసారి వినిపించమని రేష్మా అడిగింది. తిప్పయ్య తన అంగట్లో ఇంకో ఫోన్‌లో పాఠం పెట్టి, దాన్ని ఈ ఫోన్ దగ్గర పట్టుకున్నాడు. రేష్మా స్పీకరు నొక్కింది.

గౌస్‌బీ చేతిలో తీగ ఉంది. ఫోన్‌లోంచి ఆమె మొగుడి గొంతు వచ్చింది. నిదానంగా, పెద్దమనిషి తరహాగా, ఇంట్లో ఎన్నడూ మాట్లాడనంత నున్నగా మాట్లాడుతోంది. 'తీగను ఇట్ల గాడిలోకి తీసుకోవాల. ఈడ కొంచేపు చెయ్యి ఆపాల. ఆపి, మళ్లీ లాగాల.'

అక్కడ ఆమె తన నాయన గురించి చెప్పింది. ఆ మాటలు తీసేశారు. చెయ్యి ఆగిన బొమ్మ మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని ఏదో ఒక మాటతో పూడ్చాలి కాబట్టి రంజాన్ అలా పూడ్చాడు. మొలకాల్మూరులో పనివాళ్లు ఇప్పుడు ఆమె నాయన గుర్తొచ్చిన చోట చెయ్యి ఆపుతున్నారు, ఎందుకో తెలియకుండా.

ఆమె ఏడవలేదు. తిప్పయ్యతో తనే మాట్లాడింది. "ఆడ ఆపాల్సిన పని లేదప్పా. లాగుతా పో" అని చెప్పింది.

రంజాన్ సాయంత్రం ఇల్లు చేరేసరికి గౌస్‌బీ వరండాలో కూర్చుని ఉంది. ముందు రేష్మా అడగబోతే ఆపింది.

"నా గొంతు ఏం పాపం చేసింది?"

అతను బండికి స్టాండు వేశాడు. అబద్ధం చెబుదామని చూసి, కూతురి ముఖం చూసి మానుకున్నాడు.

"తిప్పేస్వామి అడిగినాడు. ఆడామె చెప్తాంటే కొందరు నమ్మడం లేదన్నాడు. దుడ్లు వాపసు అడుగుతాండారన్నాడు. ఉస్తాద్ అని పేరు పెడితే బాగా పోతాదన్నాడు."

"వాడు అడిగినాడు. నువ్వేంటికి ఒప్పుకున్నావు?"

"నాకేం రాదా? నేనూ మీ నాయన కాడ నేర్చినోణ్ని గాదా?"

"వచ్చు. అయితే నీ చేతులు పెట్టి చెప్పాల్సింది."

అతను వరండా మెట్టు మీద కూర్చున్నాడు. నెమ్మదిగా అన్నాడు. "ఇన్నేండ్లు రంజాన్ మోటారు, రంజాన్ మోటారు అన్నారు గౌసూ. ఇప్పుడు టీ అంగట్లో కూర్చోలేకున్నా. ఇంట్లో పని ఎవురు చేస్తే ఏమి, పేరు ఇంటిదే గదా అనుకున్నా."

"నేనూ అట్లే అనుకున్నా. అందుకే ఇన్నేండ్లు నోరు తెరవలేదు" అంది గౌస్‌బీ. "పేరు నీదే ఉండనిచ్చినా. ఒక్క గొంతు నాది పెట్టుకుంటే, దాన్ని తీసి నీది పెట్టినావు. నాకు చెప్పి ఉంటే వేరే మాట. పక్క గదిలో పండుకొని లేచి, తీగ కొనొస్తానని చెప్పి పోయి, నా చేతుల మీద కూర్చొని మాట్లాడొచ్చినావు."

రంజాన్ తల వంచుకుని లోపలికి పోయాడు.

తిప్పేస్వామికి ఫోన్ చేస్తే "రంజానన్న ఒప్పుకున్నాడు గదక్కా, మీ ఇంట్లో మాట్లాడుకున్నారనుకున్నా" అన్నాడు. పాఠాలు తీసేయమంటే, ఖాతా తన పేరు మీద ఉందని, ప్రకటనలకు ఖర్చు పెట్టానని చెప్పాడు. ఇదంతా మెత్తగానే, అక్కా అక్కా అంటూనే చెప్పాడు.

రేష్మా యాప్ కంపెనీకి ఫిర్యాదు రాసింది. ఖాతా ఎవరిదైనా పాఠం చెప్పి తీసినవాళ్ల హక్కు వాళ్లదేనని ఆమె తెలుసుకుంది. అదృష్టం, మొదటి నుంచీ వీడియోలు తీసింది రేష్మా ఫోన్‌లోనే. కోయని, కలపని అసలు ముక్కలన్నీ తల్లి గొంతుతో సహా అలాగే ఉన్నాయి. వాటిని జతచేసింది. కంపెనీ వాళ్లు ఖాతాదారుణ్ని సంజాయిషీ అడిగారు. అది తేలేదాకా కోర్సును మొత్తంగా కనబడకుండా ఆపేశారు.

మరుసటి రోజే తిప్పేస్వామి పరుగెత్తుకొచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"అక్కా, కొన్నోళ్లందరికీ పాఠాలు ఆగిపోయినాయి. ఇది ఎండాకాలం. అందరి అంగట్లో మోటార్లు కుప్పగా పడి ఉండాయి. వాళ్లు నాకు ఫోన్ మీద ఫోన్. వాళ్లేం తప్పు చేసినారు?"

గౌస్‌బీకి అదే మాట ముందు రోజు నుంచీ మనసులో తిరుగుతోంది. రేష్మాను అడిగి మరీ తెలుసుకుంది. యాప్‌లో కొత్తగా ఎవరూ కొనకుండా మూసేయొచ్చు, ఇంతకుముందు కొన్నవాళ్లకు మాత్రం తెరిచి ఉంచొచ్చు.

"కొన్నోళ్లకు తెరిచే పెట్టు. కొత్తోళ్లకు మూసెయ్. ఉస్తాద్ అనే పేరు తీసెయ్. ఇంకొకటి, కొన్నోళ్ల నెంబర్లు నాకియ్యి. ఈ పాఠాలు చెప్పింది గుమ్మఘట్ట గౌస్‌బీ అని నేనే చెప్తా."

నెంబర్లు ఇవ్వడానికి అతను ఒప్పుకోలేదు. వాళ్లు తనను నమ్మి ఇచ్చిన నెంబర్లు, ఇంకొకరికి ఇవ్వకూడదన్నాడు. ఆ మాట నిజమే కావచ్చునని రేష్మా కూడా అంది. బదులుగా యాప్‌లోంచి తనే అందరికీ కబురు పంపుతానని తిప్పేస్వామి ఒట్టు పెట్టుకున్నాడు. ఆ షరతుల మీద రేష్మా కంపెనీకి రాసి ఫిర్యాదు వెనక్కి తీసుకుంది.

కబురు పంపాడు. అది మొలకాల్మూరు తిప్పయ్య ఫోన్ నుంచి గౌస్‌బీకి చేరింది. అందులో ఇలా ఉంది: 'సాంకేతిక కారణాల వల్ల కోర్సులో కొత్త ప్రవేశాలు నిలిపివేయబడినవి. అసౌకర్యానికి చింతిస్తున్నాము.' గౌస్‌బీ పేరు ఎక్కడా లేదు. రేష్మా కోపంతో ఊగిపోయింది. మళ్లీ ఫిర్యాదు చేద్దామంది. గౌస్‌బీ ఫోన్ పక్కన పెట్టింది. "వద్దులే. వాడి నోటి నుంచి నా పేరు రావాలని ఎదురుచూసేది ఇంక నావల్ల గాదు" అంది.

పాన్ కార్డుకు పెట్టింది. వచ్చాక బ్యాంకుకు పోయి ఖాతాకు కలిపించింది. యాప్ తన పేరు మీద, తన ఫోన్ నెంబరు మీద తెరిచింది. పాస్‌వర్డ్ ఆమెకు, రేష్మాకు తప్ప ఎవరికీ తెలియదు. పాత పాఠాలు ఉన్నవి ఉన్నట్టు పెట్టొచ్చు గదా అని రేష్మా అంటే ఆమె ఒప్పుకోలేదు. అవే బొమ్మలు ఒకచోట రంజాన్ గొంతుతో, ఇంకోచోట తన గొంతుతో ఉంటే ఎవరిది ఎవరు దొంగిలించారని కొనేవాడు ఎలా తేల్చుకుంటాడు? కొత్త మోటార్లతో మొదటి నుంచి తీసింది. ఈసారి ఫోన్‌ను ఎదురుగా పెట్టించింది. తల మీద కొంగు సరిచేసుకుని, కెమెరా వైపు చూసి, "నా పేరు గౌస్‌బీ. నేను గుమ్మఘట్టలో మోటార్లు చుడతా" అంది. ఆ ఒక్క వాక్యం సరిగా రావడానికి చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది. మోటారు గురించి చెప్పేటప్పుడు తడబడని మనిషి, తన పేరు దగ్గర తడబడింది.

వీడియో తీసే పొద్దుల్లో రంజాన్ ఇంట్లో ఉండడు. ఎవరూ పొమ్మనలేదు, అతనే బండి తీసుకుని పోతాడు. ఒకసారి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "నేను గుడక పక్కన కూర్చోనా? విప్పేది నేను చూపిస్తా" అన్నాడు. గౌస్‌బీ చేతిలో ఉన్న స్టేటరు తుడిచింది. "ఇప్పుడు గాదు" అంది. ఎప్పుడూ వద్దని అనలేదు. అతను తల ఊపి పోయాడు.

మొదటి కోర్సు అమ్ముడుపోయినంతగా ఇది పోలేదు. కొనేవాళ్ల నెంబర్లు లేవు, ప్రకటనలకు డబ్బు లేదు. తిప్పయ్య తన చుట్టుపక్కల వైండింగ్ వాళ్ల గ్రూపులో ఆమె నెంబరు పెట్టి, చెయ్యి ఆపే సంగతి కూడా చెప్పాడట. కొందరు నవ్వారు, కొందరు కొన్నారు. కొన్న ఒకతను, ముందు చూసిన ఉస్తాద్ పాఠాల్లోంచి ఆమె కాపీ కొట్టిందని రాశాడు. ఆ మాటకు బదులు రాయమని రేష్మా ఎంత చెప్పినా ఆమె రాయలేదు. ఆ రోజు మాత్రం చుట్టిన తీగనే విప్పి మళ్లీ చుట్టింది.

మొగుడూ పెళ్లాలు విడిపోలేదు. అన్నం వడ్డిస్తుంది, అతను తింటాడు. బేరింగు ఎంత అరిగిందో, ఏ రైతు ఏమన్నాడో మాట్లాడుకుంటారు. అతను టీ అంగటికి మళ్లీ పోవడం మొదలుపెట్టాడు. అక్కడ ఎవరైనా అడిగితే "చుట్టేది మా ఇంటామె" అని చెబుతున్నాడని ఒకరిద్దరు గౌస్‌బీ చెవిన వేశారు.

రేష్మా ఒకసారి, "నాయన మీద కోపం పోయిందామ్మా?" అని అడిగింది.

"కోపం ఎప్పుడో పోయింది" అంది గౌస్‌బీ. "అది గాదు నా బాధ. పక్క గదిలో నుంచి 'గౌసూ' అని పిలుస్తాడు సూడు. ముందు నాకు ఆ పాఠంలో గొంతు ఇనపడతాది. ఆ నున్నటి గొంతు. అది దాటినాక గానీ మా ఇంటాయన పిలుస్తాండాడని తెలీదు. అంతదాకా పలకలేకున్నా."

వరండాలో అప్పుడే ఉరవకొండ నుంచి వచ్చిన మోటారు విప్పి ఉంది. గౌస్‌బీ లేచి, దాని ముందు కూర్చుని, కాలింది రెండు ఫేజులా మూడా అని చూడసాగింది.